ట్రేస్‌రూట్ చదవడం: ప్యాకెట్ ఎక్కడ పోతోంది, ఎక్కడ ఆలస్యమవుతోంది? తరచుగా అడిగే ప్రశ్నలు

నెట్ స్లో అయినప్పుడు ట్రేస్‌రూట్ కొట్టి, ఆ స్క్రీన్‌షాట్ మీద ఏదో ఒక వరుసకి ఎర్ర గీత గీసి "ఇదిగో ఇక్కడే తప్పు" అని పంపేవాళ్లని రోజూ చూస్తుంటాను. పదింట్లో ఏడెనిమిది సార్లు ఆ ఎర్ర గీత ఏ తప్పూ లేని వరుస మీదే ఉంటుంది. ఒకప్పుడు నేనూ అలాగే గీశాను, ఆ సంగతి కింద చెబుతాను. ఉదాహరణల్లోని పబ్లిక్ ఐపీ అడ్రస్‌లు అసలువి కావు, డాక్యుమెంట్లలో వాడుకోవడానికని కేటాయించినవి పెట్టాను.

ట్రేస్‌రూట్ అసలు ఏం చేస్తుంది?

ప్రతి ప్యాకెట్ మీదా టీటీఎల్ అని ఒక అంకె ఉంటుంది. దాటిన ప్రతి రౌటర్ దగ్గరా అది ఒకటి తగ్గుతుంది. సున్నా అయితే ఆ రౌటర్ ప్యాకెట్‌ని పారేసి, "నా దగ్గర అయిపోయింది" అని పంపినవాళ్లకి ఒక ఐసీఎంపీ జవాబు వేస్తుంది. ట్రేస్‌రూట్ ఈ ఏర్పాటునే వాడుకుంటుంది. టీటీఎల్ 1తో పంపితే మొదటి రౌటర్ జవాబిస్తుంది, 2తో పంపితే రెండోది. అలా గమ్యం చేరేదాకా, లేదా 30 వరుసలు అయ్యేదాకా పోతుంది. ఒక్కో వరుస ఒక్కో హాప్. ఒక్కో హాప్‌కీ మూడు ప్యాకెట్లు పంపుతుంది కాబట్టి మూడు టైములు కనిపిస్తాయి.

ఆ టైము ఇక్కడి నుంచి ఆ హాప్ దాకా వెళ్లి తిరిగి రావడానికి పట్టిన మొత్తం. అంతకు ముందు హాప్ నుంచి ఈ హాప్‌కి పట్టిన సమయం కాదు. అలా అనుకుని అన్నీ కూడేసేవాళ్లు కూడా ఉన్నారు.

మధ్యలో ఒక హాప్ దగ్గర టైము ఒక్కసారి పెరిగింది. తప్పు అక్కడే కదా?

ముందు ఇది చూడండి. విజయవాడలో మా ఇంటి నుంచి సింగపూర్‌లోని మా ఆఫీసు సర్వర్‌కి ఒక మధ్యాహ్నం తీసిన ట్రేస్ ఇది. ఆ టైములో అంతా బాగానే ఉంది.

```
$ traceroute -n 203.0.113.25
 1  192.168.1.1     1.1 ms   0.9 ms   1.0 ms
 2  100.72.0.1      4.2 ms   3.9 ms   4.4 ms
 3  198.51.100.9    5.1 ms  61.8 ms   5.0 ms
 4  198.51.100.34  14.6 ms  14.2 ms  14.9 ms
 5  * * *
 6  192.0.2.17     48.3 ms  48.0 ms  48.9 ms
 7  192.0.2.58     48.8 ms  48.5 ms  49.1 ms
 8  203.0.113.25   49.0 ms  49.2 ms  48.7 ms
```

మూడో వరుసలో 61.8 కనిపిస్తోంది. కానీ నాలుగో హాప్ ప్యాకెట్లు కూడా మూడో రౌటర్ మీదుగానే వెళ్లాయి. అవి 14 మిల్లీసెకండ్లలో వెళ్లి వచ్చేశాయి. మూడో రౌటర్ నిజంగా ప్యాకెట్లని ఆపుతూ ఉంటే దాని వెనకున్న వరుసలన్నీ ఆ భారం మోయాలి. మోయడం లేదంటే ఆలస్యమైంది ఆ రౌటర్ రాసిన జవాబే తప్ప, దాని మీదుగా పోయే ట్రాఫిక్ కాదు.

కారణం రౌటర్ లోపలి పని విభజన. వచ్చిన ప్యాకెట్‌ని ముందుకు తోయడం ప్రత్యేకమైన చిప్‌ల పని, అది క్షణాల్లో అయిపోతుంది. "నా దగ్గర అయిపోయింది" అని జవాబు తయారు చేయడం మాత్రం చాలా రౌటర్లలో మామూలు ప్రాసెసర్ పని. ఆ ప్రాసెసర్‌కి రూటింగ్ లెక్కల్లాంటి ముఖ్యమైన పనులు వేరే ఉంటాయి, మన జవాబు అన్నిటికన్నా చివరి వంతు. బస్టాండులో ఎంక్వయిరీ కౌంటర్ ఆయన పది నిమిషాలకి గానీ పలకలేదనుకోండి, అంతమాత్రాన బస్సులు ఆగిపోయినట్టు కాదు కదా. ప్లాట్‌ఫామ్ మీంచి బస్సులు వాటి టైముకి వెళుతూనే ఉంటాయి.

కాబట్టి ట్రేస్‌ని కింది నుంచి పైకి చదవడం అలవాటు చేసుకోండి. ముందు చివరి వరుస చూడండి. గమ్యం దగ్గర టైము మామూలుగా ఉండి, లాస్, అంటే ప్యాకెట్లు పోవడం, లేకపోతే మధ్యలో ఎన్ని వంకరలున్నా పట్టించుకోనక్కర్లేదు. గమ్యం దగ్గర తేడా ఉంటే, అక్కడి నుంచి ఒక్కో వరుసా పైకి ఎక్కుతూ ఆ తేడా ఏ హాప్ నుంచి మొదలై ఎడతెగకుండా చివరిదాకా వచ్చిందో వెతకండి.

నక్షత్రాలు వస్తే అక్కడ లైన్ తెగినట్టా?

పై ట్రేస్‌లో అయిదో హాప్ చూడండి, మూడూ నక్షత్రాలే. అయినా ఆరు, ఏడు, ఎనిమిది పలికాయి. అంటే అయిదో రౌటర్ ట్రాఫిక్‌ని పంపుతోంది, మనకి జవాబు మాత్రం ఇవ్వడం లేదు. కొందరు ఆపరేటర్లు కావాలనే అలా పెడతారు.

ఒక వరుసలో ఒక నక్షత్రం, రెండు టైములు రావడం కూడా మామూలే. సెకనుకి ఇన్ని జవాబులే ఇవ్వాలని రౌటర్లకి పరిమితి ఉంటుంది. పైగా లినక్స్ ట్రేస్‌రూట్ మామూలుగా ఒకేసారి 16 ప్యాకెట్లు వదులుతుంది కాబట్టి ఆ పరిమితికి తొందరగా తగులుతుంది. అనుమానం ఉంటే `-N 1` పెట్టి ఒక్కొక్కటిగా పంపండి. చాలా నక్షత్రాలు మాయమవుతాయి.

ఒక చోట మొదలైన నక్షత్రాలు 30 దాకా సాగితే అది వేరే కథ, కింద ఉంది.

నిజమైన లాస్, నిజమైన ఆలస్యం ఎలా కనిపిస్తాయి?

అదే సర్వర్, అదే ఇల్లు, రాత్రి తొమ్మిదిన్నర. ఎస్ఎస్‌హెచ్‌తో దూరం నుంచే ఆ సర్వర్‌లోకి లాగిన్ అయి అక్షరం కొడితే తెర మీదికి రావడానికి కన్ను ఆర్పినంత సేపు పడుతోంది, మధ్యమధ్యలో బిగుసుకుపోతోంది. మూడు ప్యాకెట్లతో లాస్ తేలదు కాబట్టి `mtr` వాడాను. అది ప్రతి హాప్‌కీ పదేపదే పంపి లెక్క కడుతుంది. 200 సార్లంటే మూడు నిమిషాల పైచిలుకు.

```
$ mtr -n -r -c 200 203.0.113.25
                     Loss%  Snt   Avg   Best   Wrst
 1. 192.168.1.1       0.0%  200    1.1   0.8    3.9
 2. 100.72.0.1        0.0%  200    4.4   3.6    9.1
 3. 198.51.100.9     38.0%  200    9.7   4.6   71.2
 4. 198.51.100.34     0.0%  200   14.9  13.9   22.4
 5. ???             100.0%  200    0.0   0.0    0.0
 6. 192.0.2.17        6.5%  200  127.9  58.2  168.0
 7. 192.0.2.58        7.0%  200  128.6  58.9  169.3
 8. 203.0.113.25      6.5%  200  128.4  58.7  167.5
```

ఇరుకు లేకుండా చూడటానికి రెండు మూడు కాలమ్‌లు తీసేశాను. ఎవరికైనా ముందు కంటికి తగిలేది మూడో హాప్‌లో 38 శాతం. దాని తర్వాతిది సున్నా. కాబట్టి అది కౌంటర్ ఆయన కథే, వదిలేయండి. అయిదో హాప్ 100 శాతమూ అంతే.

ఇప్పుడు కింది నుంచి రండి. ఎనిమిదిలో 6.5, ఏడులో 7, ఆరులో 6.5. ప్రతి వరుసకీ వెళ్లినవి వేరే వేరే ప్యాకెట్లు కాబట్టి ఒకటీ అరా తేడా సహజం. 200లో 13 పోవడం, 14 పోవడం ఒకటే. నాలుగులో సున్నా. అంటే తేడా నాలుగుకీ ఆరుకీ మధ్య మొదలై చివరిదాకా వచ్చింది. ఇది నిజమైన లాస్.

టైము కూడా అదే మాట చెబుతోంది. మధ్యాహ్నం ఆరో హాప్ 48, ఇప్పుడు సగటున 128. `Best`, `Avg` పక్కపక్కన పెట్టి చూడండి. దూరం వల్ల వచ్చే ఆలస్యం ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, రెండూ దగ్గర దగ్గరగా ఉంటాయి. ఒక లింకు నిండిపోయి ప్యాకెట్లు క్యూలో నిలబడితే, క్యూ పొడుగుని బట్టి ఒకటి 58లో, ఇంకొకటి 168లో వస్తుంది. క్యూ పట్టకపోతే మిగిలినవి రాలిపోతాయి. టైము ఊగుతూ, దానితో పాటే లాస్ కనిపించి, రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా ఉండి తెల్లారేసరికి పోతోందంటే లింకు సామర్థ్యం చాలడం లేదని దాదాపు ఖాయంగా చెప్పొచ్చు. కేబుల్ పాడైతే పగలూ రాత్రీ ఒకటే.

అయితే నాలుగుకీ ఆరుకీ మధ్య లింకే దోషి అని తేలిపోయినట్టేనా?

నేనూ అదే అనుకున్నాను. ఐఎస్‌పీకి అదే రాశాను: "చెన్నైలో మీ రౌటర్ నుంచి సింగపూర్ వైపు వెళ్లే లింకు నిండిపోతోంది" అని. రెండు రోజులకి వాళ్ల ఇంజినీరు ఫోన్ చేసి, "సార్, ఆ లింకు రాత్రిపూట కూడా సగం ఖాళీగానే ఉంటోంది, గ్రాఫ్ చూసే చెబుతున్నా" అన్నాడు. అతను చెప్పింది నిజమే.

నేను మర్చిపోయింది ఏంటంటే, ట్రేస్‌రూట్‌లో కనిపించే హాప్‌లు వెళ్లే దారివి మాత్రమే. టైములోనూ లాస్‌లోనూ మాత్రం తిరుగు దారి కూడా కలిసే ఉంటుంది, అది ఎటు నుంచి వచ్చిందో ఒక్క వరుస కూడా చెప్పదు. ఇంటర్నెట్‌లో వెళ్లే దారి, వచ్చే దారి వేరుగా ఉండటం వింతేమీ కాదు. ఎటు పంపాలో ఎవరి నెట్‌వర్క్‌లో వాళ్లే నిర్ణయించుకుంటారు.

ఏ దిక్కులో పోతోందో తేల్చాలంటే అవతలి కొస మీ చేతిలో ఉండాలి. నాకు సర్వర్‌లో లాగిన్ ఉంది. అక్కడ `echo $SSH_CLIENT` కొడితే మా ఇల్లు బయటికి ఏ అడ్రస్‌తో కనిపిస్తోందో తెలిసింది. అక్కడ ఇలా కాపలా పెట్టి, ఇంటి నుంచి 200 పింగ్‌లు పంపాను.

```
sudo tcpdump -ni eth0 icmp and host 198.51.100.200
```

సర్వర్‌కి 200 పింగ్‌లూ చేరాయి. సర్వర్ 200 జవాబులూ పంపింది. ఇంటికి వచ్చినవి 186. పోయిన 14 కూడా వచ్చే దారిలోనే పోయాయి, వెళ్లేటప్పుడు ఒక్కటీ పోలేదు.

తర్వాత సర్వర్ మీంచి ఇంటి అడ్రస్‌కి ట్రేస్ తీశాను. మా ఐఎస్‌పీ ఒకే పబ్లిక్ అడ్రస్‌ని చాలా ఇళ్లకి పంచుతుంది కాబట్టి అది మా ఇంటిదాకా రాదు. రెండో హాప్‌లో 100.72 కనిపించిందే, 100.64 నుంచి 100.127 దాకా అడ్రస్‌లు ఇలా పంచుకోవడానికే ఉన్నాయి. అయినా కావలసినంత కనిపించింది. వెళ్లేటప్పుడు చెన్నై నుంచి ఒక క్యారియర్, అంటే నెట్‌వర్క్‌ల మధ్య ట్రాఫిక్ మోసే పెద్ద కంపెనీ, మీదుగా వెళుతున్నాం, అదే ఆ పలకని అయిదో హాప్. వచ్చేటప్పుడు మా సర్వర్ ఉన్న హోస్టింగ్ కంపెనీ ఇంకో క్యారియర్ మీదుగా పంపుతోంది. ఆ రెండో క్యారియర్ మా ఐఎస్‌పీకి ట్రాఫిక్ అప్పజెప్పే లింకే నిండిపోయింది. రాత్రిపూట ఊరంతా వీడియోలు చూసేది లోపలికి వచ్చే వైపే కాబట్టి అటు నిండటం సహజం.

ఆరో హాప్ నుంచే లాస్ ఎందుకు కనిపించిందో ఇప్పుడు తెలుస్తుంది. ఆరు, ఏడు, ఎనిమిది మూడూ హోస్టింగ్ కంపెనీవే, మూడింటి జవాబులూ రెండో క్యారియర్ మీదుగానే వచ్చాయి. అయిదో హాప్ పలికి ఉంటే బహుశా శుభ్రంగా కనిపించేది, నేను సముద్రం కింద కేబుల్‌ని ఇంకా గట్టిగా తిట్టేవాణ్ణి.

ఈ లెక్కలన్నీ హోస్టింగ్ వాళ్లకి పంపితే, మా ఐఎస్‌పీ వైపు వచ్చే ట్రాఫిక్‌ని మొదటి క్యారియర్ మీదికి మార్చారు. ఆ రాత్రే టైము మళ్లీ 49కి దిగింది. ఫిర్యాదు చేయాల్సింది ఐఎస్‌పీకి ఒక్కదానికే కాదని అప్పుడు అర్థమైంది.

అవతలి కొస నా చేతిలో లేకపోతే?

గేమ్ సర్వరో, బ్యాంకు సైటో అయితే అక్కడ లాగిన్ ఉండదు. సర్వర్ ఉన్న దేశంలోని చాలా క్యారియర్ల వెబ్‌సైట్లలో లుకింగ్ గ్లాస్ అని ఒక పేజీ ఉంటుంది, అక్కడి రౌటర్ నుంచి మీ అడ్రస్‌కి ట్రేస్ తీసి చూపిస్తుంది. అచ్చం మీ తిరుగు దారే అని చెప్పలేం గానీ దగ్గరి ఆధారం. అదే టైములో మొబైల్ హాట్‌స్పాట్ నుంచి కూడా ఒక ట్రేస్ తీసి పక్కన పెట్టండి. అందులో బాగుంటే సర్వర్ తప్పు కాదని తేలుతుంది. దిక్కు తేలనప్పుడు మాత్రం "నాలుగు నుంచి ఆరు దాకా వెళ్లే దారిలోగానీ, వచ్చే దారిలోగానీ" అని రాయడమే నిజాయితీ.

ఒక హాప్ దగ్గర టైము పెరిగి చివరిదాకా అలాగే ఉంది. ఎప్పుడూ తప్పేనా?

కాదు, అది దూరం కావచ్చు. ఫైబర్‌లో వెలుగు సెకనుకి సుమారు 2,00,000 కిలోమీటర్లు పోతుంది. వెళ్లి రావడానికి లెక్కేస్తే ప్రతి 100 కిలోమీటర్లకీ 1 మిల్లీసెకండ్. చెన్నై నుంచి సింగపూర్ సూటిగా దాదాపు 2,900 కిలోమీటర్లు, అంటే ఎంత గొప్ప లింకైనా 29కి తగ్గదు. నా ట్రేస్‌లో నాలుగుకీ ఆరుకీ మధ్య 34 పెరిగింది, కేబుల్ సూటిగీతలో పోదు కాబట్టి సరిపోయింది. హైదరాబాద్ నుంచి డల్లాస్ సుమారు 14,000 కిలోమీటర్లు. అమెరికాలో ఉన్న అబ్బాయి సర్వర్‌కి 230 వస్తోందని కంగారు పడొద్దు, 140 ఒట్టి వెలుగు ప్రయాణానికే పోతుంది.

అనుమానించాల్సింది దూరానికి పొంతన లేని టైముని. హైదరాబాద్ నుంచి ముంబైలో ఉన్న సర్వర్‌కి 90 వస్తే, ప్యాకెట్ సింగపూర్ వెళ్లి తిరిగి వస్తోందేమో చూడండి. `-n` తీసేస్తే రౌటర్ల పేర్లు కనిపిస్తాయి. వాటిలో చాలామంది విమానాశ్రయం కోడ్ పెడతారు: `maa` అంటే చెన్నై, `bom` ముంబై, `hyd` హైదరాబాద్, `sin` సింగపూర్. పేర్లు పాతబడి తప్పుదారి పట్టించడమూ ఉంది, టైముతో పోల్చుకుని నమ్మండి.

నాలుగైదు హాప్‌లు వరసగా ఒకే టైము చూపిస్తున్నాయి. మొదటిదే దోషా?

పెద్ద క్యారియర్ల లోపల ఎంపీఎల్‌ఎస్ అని ఒక సొరంగం లాంటి ఏర్పాటు ఉంటుంది. సొరంగం మధ్యలో ఉన్న రౌటర్‌కి మన దగ్గరికి సూటిగా జవాబు పంపే దారి తెలియకపోవచ్చు. అప్పుడు జవాబు కూడా సొరంగం చివరిదాకా వెళ్లి, అక్కడి నుంచి వెనక్కి తిరిగి వస్తుంది. సొరంగం చెన్నైలో మొదలై లండన్‌లో ముగిస్తే, చెన్నైలో ఉన్న రౌటర్‌కి కూడా లండన్ టైమే కనిపిస్తుంది. `mtr -e` గానీ `traceroute -e` గానీ కొట్టినప్పుడు ఆ వరుసల కింద లేబుల్ అంకెలు కనిపిస్తే సంగతి ఇదే. సొరంగం లోపలి వరుసల టైములు వదిలేసి, దాని తర్వాతి హాప్‌ని చూడండి.

ఒకే హాప్‌లో రెండు మూడు అడ్రస్‌లు వస్తున్నాయేంటి?

సమాన దారులు ఉంటే రౌటర్ ట్రాఫిక్‌ని వాటి మీద పంచుతుంది. లినక్స్ ట్రేస్‌రూట్ ప్రతి ప్యాకెట్‌కీ పోర్ట్ నంబరు మారుస్తుంది కాబట్టి ఒక్కోటి ఒక్కో దారిన పోవచ్చు. దోషం కాదు. వాటిలో ఒక దారి పాడైతే మాత్రం కొన్ని కనెక్షన్లే ఏడుస్తాయి, మిగిలినవి హాయిగా ఉంటాయి. పట్టుకోవడం కష్టమైన జబ్బు అది.

గమ్యం చేరకుండానే నక్షత్రాలతో 30 దాకా పోయింది. సైట్ మాత్రం తెరుచుకుంటోంది!

ఫైర్‌వాల్. లినక్స్ ట్రేస్‌రూట్ యూడీపీ 33434 పోర్ట్ నుంచి మొదలుపెడుతుంది, విండోస్ `tracert` ఐసీఎంపీ పింగ్ పంపుతుంది. చాలా సర్వర్లు రెండింటినీ పారేస్తాయి. సైట్ వాడే తలుపే తట్టండి:

```
sudo traceroute -n -T -p 443 203.0.113.25
```

ఇది కూడా చేరకపోతే, సైటూ తెరుచుకోకపోతే, చివరగా పలికిన హాప్‌కి అవతల అడ్డం ఉంది. కనీసం అక్కడి దాకా వెళుతోందని తెలుస్తుంది. టైము పక్కన `!X` వస్తే ఆ రౌటర్ కావాలనే ఆపిందని అర్థం, `!H` వస్తే ఆ మెషీన్‌కి దారి లేదని. రెండే రెండు అడ్రస్‌లు ఒకదాని తర్వాత ఒకటి 30 దాకా మారుమారు వస్తే రెండు రౌటర్లు బంతి ఆడుకుంటున్నాయి. "నీదే", "కాదు నీదే" అని. అది వాళ్ల రూటింగ్ తప్పు, మీరు చేయగలిగింది ఫిర్యాదు ఒక్కటే.

మొదటి రెండు హాప్‌లలోనే తేడా కనిపిస్తే?

మొదటి హాప్ మీ ఇంటి రౌటర్. అక్కడ 1 ఉండాల్సింది 40, 80 అని ఊగుతూ చివరిదాకా సాగితే అది వైఫై. కేబుల్ పెట్టి మళ్లీ తీయండి. మొదటిది బాగుండి రెండో దాని నుంచి పెరిగితే, ఇంట్లో ఎవరైనా ఫోటోలు క్లౌడ్‌లోకి ఎక్కిస్తున్నారేమో అడగండి. అప్‌లోడ్ నిండితే క్యూ మీ రౌటర్‌లోనే కడుతుంది, దాని ప్రభావం మాత్రం రెండో హాప్ దగ్గర కనిపిస్తుంది. అది ఆపినా తగ్గకపోతే అప్పుడు ఐఎస్‌పీ.

కస్టమర్ కేర్‌కి ఏం పంపాలి?

స్క్రీన్‌షాట్ వద్దు, టెక్స్ట్ పంపండి. బాగున్నప్పటిది ఒకటి, బాగోలేనప్పటిది ఒకటి, రెండూ 200 ప్యాకెట్లతో, కేబుల్ మీద తీసినవి, తేదీ టైముతో. బాగున్నప్పటిది లేకపోతే 128 ఎక్కువో తక్కువో వాళ్లకి తెలియదు, అందుకే నెట్ బాగున్న రోజే ఒకటి తీసి దాచుకోండి. పైన రెండు వాక్యాలు చాలు: "రోజూ రాత్రి 8 నుంచి 11 దాకా ఈ అడ్రస్‌కి 6 శాతం పైగా లాస్, టైము 49 నుంచి 128కి పెరుగుతోంది. 198.51.100.34 దాకా శుభ్రంగా ఉంది, ఆ తర్వాత నుంచి గమ్యం దాకా ఒకేలా ఉంది, పోతున్నది వచ్చే దిక్కులో." మీ పబ్లిక్ అడ్రస్ కూడా రాయండి, అది లేకపోతే తిరుగు దారి వాళ్లు వెతకలేరు.

ఇంత రాసినా మొదట ఫోన్ ఎత్తినవాళ్లు "మోడెమ్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేశారా అండీ" అనే అడుగుతారు. ముందే చేసేసి, చేశానని కూడా రాయండి, ఒక రోజు కలిసొస్తుంది.